తేలియా రుమాలు: గుడ్డ నేయకముందే డిజైన్ దారంలోకి ఎలా వస్తుంది

తేలియా రుమాలుని మొదటిసారి దగ్గర్నుంచి చూసినవాళ్లకి ఒక డౌటు కచ్చితంగా వస్తుంది. ఎరుపు గడి పక్కన తెల్ల గడి ఉంటే ఆ రెండిటి మధ్య గీత నిక్కచ్చిగా ఉండదు, ఎరుపు చిన్న చిన్న పళ్లలాగా తెలుపులోకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఒక పన్ను పొడుగు, పక్కది పొట్టి. చాలామంది దీన్ని రంగు కారిందనుకుంటారు. కొంతమంది షాపులోనే వెనక్కిచ్చేసి ఇంకోటి చూపించమంటారు. నిజానికి ఆ పళ్లని సరిగ్గా చదవడం తెలిస్తే ఆ గుడ్డ ఎలా పుట్టిందో మొత్తం అందులోనే కనిపిస్తుంది, ఎక్కడ కట్టు కట్టారు, ఎంత గట్టిగా కట్టారు, నిలువు దారాలైన పడుగులో కట్టారా అడ్డ దారమైన పేకలో కట్టారా, నేసేటప్పుడు దారం ఎంత జరిగింది, ఇవన్నీ. ఈ వ్యాసం ఆ పళ్ల గురించే అనుకోండి.

ముందు చిన్న పరిచయం. తేలియా రుమాలు పుట్టింది చీరాలలో, ఇప్పుడు ఎక్కువగా బతికున్నది యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో. ఎరుపు, నలుపు, తెలుపు, మామూలుగా ఈ మూడే రంగులు. ఒకప్పుడు జాలర్లు, రైతులు లుంగీగా, తలగుడ్డగా కట్టుకున్నారు, ఓడలెక్కి అరబ్ దేశాలకి, ఆఫ్రికాకి కూడా వెళ్లింది. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఇది డబుల్ ఇక్కత్, అంటే పడుగు దారాలకీ పేక దారాలకీ రెండిటికీ ముందే కట్లు కట్టి రంగు వేసి, తర్వాత నేస్తారు. మన దగ్గర ఈ కట్టి అద్దే పనిని చిటికి అనేవాళ్లు, ఇప్పుడు ఊళ్లల్లో కూడా టై అండ్ డై అనేస్తున్నారు.

కట్టు కింద ఏం జరుగుతుంది

నూలు దారం అంటే వందల సన్నటి పోగులు కలిపి పురి పెట్టింది. ఆ పోగుల మధ్య ఖాళీలుంటాయి, రంగునీళ్లు ఆ ఖాళీల్లోంచే లోపలికి పాకుతాయి, దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టే. ఒకచోట గట్టిగా బిగించి కడితే ఆ ఖాళీలు మూసుకుపోతాయి, నీళ్లకి దారి ఉండదు, అక్కడ రంగు ఎక్కదు. అంతే సూత్రం. కట్టు దారానికి రంగుని తట్టుకునే గుణం ఏదో ఉండాల్సిన పని లేదు, దాని పని కేవలం నొక్కి పట్టడం. అందుకే పోచంపల్లి, పుట్టపాక వైపు పాత సైకిల్ ట్యూబుని సన్నటి పీలికలుగా కోసి దాంతో కడతారు. రబ్బరు సాగదీసి చుట్టేస్తే తర్వాత కూడా అది తనంతట తాను బిగుస్తూనే ఉంటుంది, మరిగే నీళ్లలో వేసినా పట్టు వదలదు, పని అయ్యాక విప్పడమూ తేలిక.

కానీ కట్టు మధ్యలో ఉన్న నొక్కుడు కట్టు అంచులో ఉండదు. అంచు దగ్గర దారం ఒకవైపు నలిగి ఉంటుంది, ఇంకోవైపు ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బిన వైపు నుంచి రంగు కొంచెం కట్టు కిందకి దూరుతుంది. ఎంత అంటే మిల్లీమీటరో రెండో. అది కూడా దారం పొడుగునా మాత్రమే దూరుతుంది, ఎందుకంటే పోగులు ఆ దిక్కుకే ఉన్నాయి. ఒక కట్టలో వంద దారాలుంటే వందకీ ఒకేలా దూరదు, ఒక దారానికి ఎక్కువ, పక్కదానికి తక్కువ. తర్వాత కట్ట విప్పి ఈ వంద దారాల్ని మగ్గం మీద పక్కపక్కన పరిస్తే ఆ తేడాలన్నీ బయటపడతాయి, అవే మనం చూసిన పళ్లు. దీనికి తోడు మగ్గానికి ఎక్కించేటప్పుడు ఒక్కో దారం వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుగుతుంది, దాంతో పళ్లు ఇంకాస్త పెరుగుతాయి. కాబట్టి ఆ చెదిరిన అంచుకి కారణాలు రెండు, ఒకటి అద్దకంలో వచ్చేది, ఇంకోటి నేతలో వచ్చేది. మంచి పనివాళ్లు రెండిటినీ తగ్గిస్తారు, పూర్తిగా తీసేయడం మాత్రం ఎవరి వల్లా కాదు.

డిజైన్లు ఎందుకు అలా గళ్లుగళ్లుగానే ఉంటాయి

తేలియాలో, పోచంపల్లిలో గళ్లు, వజ్రాలు, మెట్లు, ఎదురెదురుగా అద్దంలో చూసినట్టున్న బొమ్మలే ఎందుకెక్కువ అంటే సంప్రదాయం అని చెప్పి వదిలేస్తారు చాలామంది. అసలు కారణం కట్ల లెక్కలో ఉంది, ఒకసారి వేసి చూస్తే తెలుస్తుంది.

లెక్క సులువుగా ఉండటానికి రుమాలు 40 అంగుళాల వెడల్పు, అంగుళానికి 60 పడుగు దారాలు అనుకుందాం. మొత్తం 2400 దారాలు. గ్రాఫ్ పేపర్ మీద డిజైన్ గీసుకున్నాం, ఒక్కో గడికి పది దారాలు, అంటే వెడల్పుకి 240 గళ్లు. ఇప్పుడు డిజైన్ అంతా ఒకే పెద్ద బొమ్మ, ఎక్కడా రిపీట్ అవ్వదు అనుకుంటే 240 కట్టల్నీ విడివిడిగా కట్టాలి. ఒక్కో కట్టకి పొడుగునా 24 చోట్ల కట్లు పడాలనుకుంటే 5760 కట్లు. అదే బొమ్మ వెడల్పులో ఆరుసార్లు రిపీట్ అయితే ఒక్కో బొమ్మ 40 గళ్లే, ఆరు బొమ్మల్లో ఒకే స్థానంలో ఉన్న దారాలన్నీ ఒకే కట్టగా చేసేయొచ్చు, 40 కట్టలు సరిపోతాయి. పైగా బొమ్మలో ఎడమ సగం, కుడి సగం అద్దంలో లాగా ఒకటే అయితే 20 కట్టలే. ఒక్కో కట్టలో 120 దారాలు, మొత్తం కట్లు 480. అంటే 5760 చోట్ల కట్టాల్సింది 480కి దిగింది, పన్నెండో వంతు. పడుగుకి ఇంత, పేకకీ ఇంతే. పొడుగులో కూడా డిజైన్ రిపీట్ అవుతుంది కాబట్టి దారాన్ని మడతపెట్టి ఇంకా తగ్గించుకోవచ్చు.

మరి ఎన్ని వీలైతే అన్ని దారాలు కలిపేసి కట్టేస్తే పోలా అంటే, కుదరదు, అక్కడే అసలు చిక్కు. కట్ట లావయ్యే కొద్దీ మధ్యలో ఉన్న దారాలకి రెండు బాధలు. కట్టు పడ్డచోట బయటి దారాలకే నొక్కుడు ఎక్కువ, నడిమి దారాలు వదులుగా ఉండిపోయి పళ్లు పొడుగవుతాయి. కట్టు లేని చోటేమో రంగు బయట దట్టంగా పట్టి లోపలికి చేరేసరికి పలచబడుతుంది. నేశాక చూస్తే ఎర్రటి గడిలో కొన్ని గీతలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, అది వెలవడం కాదు, ఆ దారాలకి రంగు మొదట్లోనే సరిగ్గా అందలేదు. పెన్సిలు లావు దాటిన కట్టతో ఈ తిప్పలు మొదలైనట్టే. అందుకే కట్టల్ని రంగులో ముంచేముందు మంచి నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి లోపలిదాకా తడి చేస్తారు, పొడిగా ఉన్న నడిమి భాగంలోకి రంగు వెళ్లనే వెళ్లదు. రంగులో కూడా ఊరికే వదిలేయకుండా పిసుకుతూ తిప్పుతూ ఉండాలి. కట్లు తగ్గించుకుంటే రోజులు కలిసొస్తాయి, అంచు చెడుతుంది, ఎక్కువ కట్టుకుంటే అంచు బాగుంటుంది, కూలి గిట్టదు, ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలనేది ప్రతి ఇంటికీ ఉండే లెక్కే.

మూడు రంగులకి వరస

తెలుపు అంటే అసలు రంగు వేయకపోవడమే కాబట్టి అది మొదట్నుంచీ చివరిదాకా కట్టు కిందే ఉండాలి. ముందు తెల్లగా ఉండాల్సిన చోట్లన్నీ కట్టి ఎరుపులో వేస్తారు. ఆరాక ఎరుపుగానే మిగలాల్సిన చోట్ల మళ్లీ కట్లు కట్టి, మిగిలిన భాగాన్ని ముదురు రంగులో వేస్తారు. ఎరుపు మీద పడుతుంది కాబట్టి ఆ ముదురు నల్లగానో, నల్లకి దగ్గరైన కుంకుడుకాయ రంగులోనో వస్తుంది. లేత నుంచి ముదురుకి వెళ్లడం తప్ప వెనక్కి రావడానికి దారి లేదు, ఒకసారి నలుపు పడ్డచోట ఎరుపు తేలేం. అందుకే రెండోసారి కట్టేటప్పుడు ఒక్క గడి మర్చిపోతే అది రుమాలంతా, రిపీట్ అయిన ప్రతిచోటా నల్లగా వచ్చేస్తుంది, ఎందుకంటే అవన్నీ ఒకే కట్టలో ఉన్నాయి కదా. పని తగ్గించిన కట్టే తప్పుని కూడా పన్నెండు చోట్లకి పంచుతుంది.

విప్పే టైము కూడా ముఖ్యమే. రంగు పట్టాక కట్లు అలాగే ఉంచి, నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా జాడించాలి, అప్పుడే విప్పాలి. తొందరపడి ముందే విప్పి ఉతికితే దారానికి అంటకుండా మిగిలిన రంగంతా నీళ్లలో కలిసి అప్పటిదాకా కాపాడిన తెలుపు మీదే కూర్చుంటుంది. తెల్ల గళ్లు మొత్తం ఒకే తీరుగా గులాబీ రంగు తిరిగి ఉన్న రుమాలు కనిపిస్తే అది కట్టు వదులై వచ్చింది కాదు, జాడించడంలో వచ్చింది. కట్టు వదులైతే మచ్చ ఒక పక్కనుంచి మొదలై కోసుగా లోపలికి పోతుంది, తెలుపు నడిమి మాత్రం శుభ్రంగానే ఉంటుంది. రెండూ చూడగానే తేడా తెలిసిపోతుంది.

నూనె ఎందుకు

తేలియా అనే పేరే నూనె నుంచి వచ్చింది. ఇక్కడ ఒక అపోహ బాగా తిరుగుతుంటుంది, నూనె పెట్టిన చోట రంగు పట్టదు, అందుకే నూనె వాడతారు అని. పూర్తిగా తలకిందులు. నూనె వాడేది ఎరుపు ఇంకా బాగా పట్టడానికి. అది దారం మొత్తానికీ పడుతుంది, రంగుని ఆపే పని కట్లదే.

పద్ధతి ఇలా ఉంటుంది. ఎండిన ఆముదం కాయల తొక్కల్ని కాల్చి బూడిద చేస్తారు, ఆ బూడిదని నీళ్లలో కలిపి తేట తీస్తారు. ఆ తేటలో క్షారం ఉంటుంది, పాతకాలంలో బట్టలకి చవుడు వాడినట్టే. ఆ నీళ్లలో నూనె పోసి కలిపితే పాలలాగా తెల్లగా అవుతుంది, క్షారం, నూనె కలిసి సగం సబ్బులాంటిది తయారవుతుంది. నూలు చిలపల్ని అందులో వేసి బాగా పిసికి, తడిగానే మూటకట్టి రాత్రంతా ఉంచి, పొద్దున ఎండలో ఆరేస్తారు, మళ్లీ ముంచుతారు, మళ్లీ ఆరేస్తారు. ఇలా రెండు మూడు వారాలు. ఒక్కసారి నూనెలో ముంచి తీస్తే ఏమీ ఉపయోగం ఉండదు, నూనె పైపైన జిడ్డుగా ఉండి ఉతికితే పోతుంది. బూడిద నీళ్లతో కలిసి పలచబడ్డ నూనె పోగుల లోపలికి వెళ్లి, ఎండలో గాలి తగిలి మారి, అక్కడే ఉండిపోవాలి. అన్ని రోజులు పట్టేది అందుకే.

ఇలా చేస్తే లాభం ఏంటంటే, ఎరుపునిచ్చే ఆలిజరిన్ అనే రంగు నూలుని నేరుగా పట్టుకోలేదు. దానికి మధ్యలో పటిక కావాలి, పటికలోని అల్యూమినియం ఒక చేత్తో దారాన్ని, ఇంకో చేత్తో రంగుని పట్టుకుంటుంది అనుకోండి. కానీ ఉత్త నూలు మీద పటిక కూడా గట్టిగా నిలవదు. లోపల ఉండిపోయిన నూనె పదార్థం ఆ పటికకి పట్టు ఇస్తుంది. అందుకే నూనె పెట్టిన నూలు మీద వచ్చే ఎరుపు లోతుగా ఉంటుంది, ఉతుకులకి లొంగదు. అదే ఆలిజరిన్ పటిక బదులు ఇనుము ఉన్న చోట పడితే నల్లగా తిరుగుతుంది, ఒకే రంగు మందుతో రెండు రంగులు. పూర్వం ఈ ఎరుపు చిరివేరు నుంచి తీసేవాళ్లు. 1868-69లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ఆలిజరిన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనిపెట్టాక వేర్లు తవ్వుకునే పని మెల్లగా పోయింది, నూనె పని మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినా నూలు నూలే.

ఇదే ఆలోచన మనకి సంబంధమే లేని ఇంకో ఊళ్లో కనిపిస్తుంది, ఇండోనేషియాలోని బాలి దీవిలో తెంగనన్ అనే పల్లె. వాళ్లదీ నూలు డబుల్ ఇక్కతే, వాళ్లూ గింజల నూనె, బూడిద కలిపి నూలుని వారాల తరబడి నానబెట్టాకే వేరు నుంచి తీసిన ఎరుపు వేస్తారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని వాదించుకోవడం కన్నా, నూలు మీద వేరు ఎరుపు నిలబెట్టాలంటే ఎవరైనా దాదాపు ఇదే దారికి రావాల్సి ఉంటుందని అర్థం చేసుకోవడం మేలు.

మరి మైనం ఎందుకు వాడలేదు

రంగుని ఆపడానికి మైనం కూడా ఉంది కదా, గుడ్డ మీద నేరుగా బొమ్మ గీసుకోవచ్చు, ఇన్ని వేల కట్లు అక్కర్లేదు కదా అనిపిస్తుంది. మన కోస్తాలోనే కలంకారీ వాళ్లు మైనం వాడారు. కానీ వాళ్లు దాన్ని వాడింది ఎక్కువగా నీలం కోసం, ఎరుపు కోసం కాదు, దీనికి కారణం చాలా సింపుల్, వేడి.

తేనె మైనం 62 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. ఆలిజరిన్ ఎరుపు బాగా రావాలంటే నీళ్లు మరుగుదాకా పోవాలి. మైనం పెట్టిన గుడ్డని అందులో వేస్తే మైనం కరిగి పైకి తేలుతుంది, కాపాడాల్సిన చోటంతా ఎర్రబడుతుంది. నీలిమందు అలా కాదు, అది పులియబెట్టిన చల్లటి బానలో పనిచేస్తుంది. నీలిమందు మామూలుగా నీళ్లలో కరగదు, బానలో పులిసి గాలి లేని స్థితిలో పసుపు పచ్చగా కరిగి ఉంటుంది, గుడ్డని ముంచి బయటికి తీయగానే గాలి తగిలి కళ్ల ముందే ఆకుపచ్చ నుంచి నీలానికి తిరుగుతుంది. ఇదే దాని చిక్కు కూడా, కలంతో రాద్దామంటే కలంలోనే గాలి తగిలి గడ్డకడుతుంది, అందుకే రాయడం కష్టం, ముంచాల్సిందే. ముంచితే గుడ్డంతా నీలమవుతుంది. కాబట్టి నీలం పడకూడని ప్రతిచోటా మైనం పూయాలి, అంటే ఎరుపు పువ్వు, నల్ల గీత, తెల్ల నేల అన్నీ మైనంతో కప్పి, ఒక్క నీలం రావాల్సిన ఆకునో నెమలి మెడనో మాత్రం తెరిచి ఉంచాలి. ఎరుపేమో వాళ్లు మామూలుగా ఆపడం అనే పద్ధతి లేకుండా తెచ్చేవాళ్లు, పటిక నీళ్లతో బొమ్మ గీసి గుడ్డని రంగులో మరగబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకులో పోతుంది.

మైనం వదిలే గుర్తు కూడా వేరు. చల్లారిన మైనం పెళుసు, బానలో గుడ్డ మడత పడితే చిట్లుతుంది, ఆ పగుళ్లలోంచి నీలం సన్నటి నరాల్లాగా పాకుతుంది. గుడ్డ నేత దిక్కుతో దానికి సంబంధం ఉండదు, మడత ఎటు పడితే అటు పోతుంది. ఇప్పుడు మైనంతో చేసే బాతిక్ అంటే ఆ పగుళ్లే అందం అనుకుని కావాలని నలిపి పగలగొడుతున్నారు, పారఫిన్ మైనం ఎక్కువ కలిపితే ఇంకా పెళుసవుతుంది. జావాలో చేత్తో గీసే పాతకాలం పనివాళ్లకి మాత్రం పగులు అంటే తప్పే, గుడ్డ నలగకుండా జాగ్రత్తగా ముంచేవాళ్లు. కట్టు వదిలే గుర్తు దారం వెంట పోతుంది, మైనం వదిలే గుర్తు మడత వెంట పోతుంది, ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఏ గుడ్డ ఏ పద్ధతిలో చేశారో చెప్పడానికి చాలు.

దారానికి మైనం పూయడం కూడా పెద్దగా ఉపయోగపడదు, వందల దారాల కట్ట లోపలిదాకా అది ఒకేలా దిగదు, దిగినా మరిగే ఎరుపులో నిలవదు. మరిగే రంగు కావాలి, దారం దశలోనే డిజైన్ కావాలి అంటే కట్టు తప్ప గతి లేదు.

పేక, ఆసు, మగ్గం

పడుగు దారాన్ని కట్టడం కన్నా పేకని కట్టడం లెక్కలో కష్టం. పడుగు మగ్గం మీద నిలువుగా సాగి ఉంటుంది కాబట్టి గుర్తులు ఎక్కడున్నాయో ముందే కనిపిస్తుంది. పేక మాత్రం నాడెలోంచి ఒక్క దారంగా వస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ఒక్క దారం మీద ఉన్న ఎరుపు తెలుపు ముక్కలు ప్రతి వరసలో సరిగ్గా తమ చోటికి రావాలంటే కట్టేముందే దారాన్ని గుడ్డ వెడల్పు కొలతకి మడతలు మడతలుగా పరచాలి. దీనికే ఆసు. ఒక మేకు నుంచి, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరస మీదకి దారాన్ని తీసుకెళ్లి తేవడం, మళ్లీ తీసుకెళ్లి తేవడం, ఒక్కో తిప్పూ గుడ్డలో ఒక్కో పేక వరస. చీరకైతే ఇలా దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే, భుజం పడిపోయేది. ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే బాధ చూసే 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం కట్టదు, రంగు వేయదు, నేయదు, దారాన్ని మేకుల మీదకి అంతే కొలతతో తిప్పుతుంది. కానీ ఇక్కత్ మొత్తం ఆ కొలత మీదే నిలబడి ఉంది.

ఎందుకంటే ఆసు మీద దారం బిగువు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటే కట్లు కట్టేటప్పుడు తెలియదు, అన్నీ సమానంగానే కనిపిస్తాయి. రంగు వేసి విప్పి, కండెలకి చుట్టి, నేయడం మొదలుపెట్టాకే బయటపడుతుంది. ఒక్కో వరసకి దారం ఒక మిల్లీమీటరు ఎక్కువైందనుకోండి, పదో వరసకి సెంటీమీటరు జరిగిపోతుంది, నిలువుగా ఉండాల్సిన గడి అంచు ఏటవాలుగా వాలిపోతుంది. అందుకే నేతగాడు నాడె విసిరిన ప్రతిసారీ ఆగి చూస్తాడు, ఎరుపు ఎరుపు మీదకి వచ్చిందా అని. రాకపోతే పేక దారాన్ని అంచు దగ్గర వేలితో కొంచెం లాగుతాడు, లేదా కొంచెం వదులు చేసి అంచులో చిన్న చుట్టుగా వదిలేస్తాడు, అప్పుడే పలకతో ఆ దారాన్ని గట్టిగా కొట్టి బిగిస్తాడు. కొన్ని అంగుళాలు నేశాక పడుగు దారాలు కూడా జరిగితే వాటినీ సూదితోనో వేలిగోటితోనో సరిచేసుకోవాలి. మామూలు నేతలో చప్పుడు ఒకే లయలో వినిపిస్తుంది, డబుల్ ఇక్కత్ మగ్గం దగ్గర ఆగి ఆగి వినిపిస్తుంది.

డబుల్ ఇక్కత్‌లో రంగు కూడా అక్కడే తయారవుతుంది. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడితేనే నిండైన ఎరుపు. తెల్ల పడుగు మీద తెల్ల పేక పడితేనే నిండైన తెలుపు. ఎర్ర పడుగు, తెల్ల పేక కలిసిన చోట దూరం నుంచి గులాబీలాగా కనిపిస్తుంది, దగ్గరికెళ్తే ఎర్ర చుక్క తెల్ల చుక్క పక్కపక్కనే. ఆ గులాబీ ఏ రంగు బానలోంచీ రాలేదు. గడి చుట్టూ సన్నటి గులాబీ నీడ ఉంటే పడుగు గుర్తుకీ పేక గుర్తుకీ ఆ కాస్త తేడా వచ్చిందన్నమాట. నీడ సన్నగా, నాలుగు వైపులా ఒకేలా ఉంటే మంచి చెయ్యి. ఒకవైపే వెడల్పుగా ఉంటే అక్కడ పేకో పడుగో జరిగింది.

షాపులో చూసేటప్పుడు

మార్కెట్లో ఇక్కత్ డిజైన్ ప్రింట్లు బోలెడు వచ్చేశాయి, ఆ చెదిరిన పళ్లని కూడా ప్రింటులో గీసేస్తున్నారు. ప్రింటు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, ప్రింటుని ఇక్కత్ ధరకి అమ్మడమే తప్పు, ఎందుకంటే దానివల్ల ఆగి ఆగి చేత్తో నేసే మనిషి పోటీ పడాల్సింది గంటకి వందల మీటర్లు తీసే మెషిన్‌తో అవుతుంది. అందుకే చూసి కొనడం తెలియాలి.

రెండు వైపులా తిప్పి చూడమని అందరూ చెప్తారు, అది సరైనదే కానీ ఒక్కటే సరిపోదు, పలచటి నూలు మీద మంచి ప్రింటు వెనక్కి కూడా బాగానే దిగుతుంది. దానికన్నా నమ్మకమైనది ఆ పళ్లే. ఒక బొమ్మ దగ్గర ఎడమ అంచులో పళ్లు ఎలా ఉన్నాయో జాగ్రత్తగా చూసి, పక్కన రిపీట్ అయిన అదే బొమ్మలో అదే చోట చూడాలి. ప్రింటులో అవి అచ్చం ఒకేలా ఉంటాయి, మూడో పన్ను ఇక్కడ పొడుగైతే అక్కడా పొడుగే. చేత్తో కట్టిన దాంట్లో ఒకే కట్టలోంచి వచ్చిన దారాలు కూడా ఒక్కోటి ఒక్కోలా పీల్చుకుంటాయి కాబట్టి ఏ రెండు అంచులూ ఒకటి కావు. తర్వాత పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి. బొమ్మ పై అంచు, కింది అంచు మాత్రమే నిలువుగా చెదిరి, పక్క అంచులు నిక్కచ్చిగా ఉంటే పడుగు ఇక్కత్. పక్క అంచులు అడ్డంగా చెదిరితే పేక ఇక్కత్, దాంట్లో గుడ్డ చివరి అంచున నేతగాడు వదిలిన చిన్న చుట్లు కూడా చేతికి తగులుతాయి. నాలుగు వైపులా చెదిరి ఉంటేనే డబుల్ ఇక్కత్, తేలియా అని చెప్పి అమ్మేదానికి ఈ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. పడుగు ఒక్కటే కట్టి తేలియా డిజైన్ నేసిన గుడ్డలు కూడా అదే పేరుతో తిరుగుతుంటాయి, వాటి ధర సగం కూడా ఉండకూడదు, ఎందుకంటే పని సగం కన్నా తక్కువ.

కుదిరితే చివర కుచ్చుల దగ్గర ఒక దారం లాగి చూడొచ్చు. ఇక్కత్ దారం మీద ఎరుపు ముక్క, తెలుపు ముక్క, నలుపు ముక్క వరసగా ఉంటాయి, ఏ ముక్కని పురి విప్పి చూసినా లోపలి పోగు కూడా అదే రంగు. ప్రింటు దారం పురి విప్పితే పైకి కనిపించిన వైపు రంగు, పక్క దారం కింద దాక్కున్న చోట తెల్లటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. పాత పద్ధతిలో నూనె పెట్టి చేసిన తేలియా అయితే ఇంకో గుర్తు ఉంది, మడత విప్పగానే కొంచెం నూనె వాసన వస్తుంది, చాలా ఉతుకుల దాకా పోదు. ఇప్పుడు రెడీమేడ్ రంగులతో, నూనె లేకుండా చేసే రుమాళ్లు కూడా ఉన్నాయి, అవి కూడా డబుల్ ఇక్కతే, కట్టుబడిలో తక్కువేం కాదు, కానీ ఆ వాసన ఉండదు, చేతికి తగిలే ఆ మెత్తదనం కూడా వేరు.